ఫస్ట్ పర్సన్ గేమ్ ఆడితే కళ్లు తిరుగుతున్నాయా?

ఫస్ట్ పర్సన్ గేమ్‌లో పాత్ర కనిపించదు, పాత్ర చూసే లోకమే కనిపిస్తుంది. పాత్ర పరిగెడితే తెర అంతా పరిగెడుతుంది, తల తిప్పితే తెర అంతా తిరుగుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి మాత్రం కదలడు. కదులుతున్నామని కళ్లు, కదలడం లేదని లోపలి చెవి మెదడుకు చెరో కబురు పంపుతాయి. ఘాట్ రోడ్డులో బస్సెక్కి పుస్తకం చదివేవాళ్ల అవస్థ కూడా ఇదే, కాకపోతే తిరగబడింది: అక్కడ చెవికి కదలిక తెలుస్తుంది, పేజీ మీదున్న కంటికి తెలియదు. రెండుచోట్లా ఫలితం ఒకటే. ముందు ఆవలింతలు, నోట్లో నీళ్లూరడం, నుదుట చల్లని చెమట, ఆ తర్వాత వికారం.

ఈ ఇబ్బందిని బాగా తగ్గించగల సెట్టింగ్ ఫీల్డ్ ఆఫ్ వ్యూ. మెనూలో దీన్ని FOV అని రాస్తారు. ఆటలోని లోకంలో ఎన్ని డిగ్రీల మేర తెర మీద చూపాలో ఇది నిర్ణయిస్తుంది. అడ్డంగా 60 డిగ్రీలే చూపుతుంటే, పాత్ర 60 డిగ్రీలు తిరిగేసరికి ముందున్న దృశ్యమంతా తెర దాటి పోతుంది. 90 చూపుతుంటే అదే మలుపులో పాత దృశ్యం కొంత ఇంకా తెర మీదే ఉంటుంది, కంటికి పట్టు దొరుకుతుంది. సోఫాలో కూర్చుని టీవీలో ఆడటానికి చేసిన ఆటల్లో ఈ కోణం తరచూ ఇరుకుగా ఉంటుంది. 43 అంగుళాల టీవీ రెండున్నర మీటర్ల దూరం నుంచి కంటికి 21 డిగ్రీల మేరే ఆనుతుంది కాబట్టి అక్కడ అది పెద్దగా బాధించదు. 24 అంగుళాల మానిటర్ ముందు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే తెర దాదాపు 48 డిగ్రీలు ఆక్రమిస్తుంది. అదే ఇరుకు దృశ్యం అంత దగ్గర నుంచి చూస్తే చాలామందికి వికారం పుడుతుంది. బల్ల దగ్గర ఆడేవాళ్లు అడ్డంగా 90 నుంచి 100 మధ్య మొదలుపెట్టి, తమకు పడే అంకె చూసుకోవడం మంచిది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. కొన్ని ఆటలు ఈ కోణాన్ని అడ్డంగా కొలిస్తే, కొన్ని నిలువుగా కొలుస్తాయి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌నే చూద్దాం. అందులో మామూలుగా ఉండేది Normal, అంటే 70. అది నిలువు కొలత. 16:9 తెర మీద అడ్డంగా లెక్కిస్తే 102 డిగ్రీలవుతుంది. 90 మంచిదని విని ఆ స్లైడర్‌ను 90కి జరిపితే అడ్డకోణం 121కి చేరుతుంది. అప్పుడు అంచుల్లోని చెట్లు, గోడలు సాగిపోయి, తల తిప్పినప్పుడల్లా వేగంగా దూసుకుపోతాయి. కోణం మితిమీరిందనడానికి అదే గుర్తు. కొందరికి ఇరుకు కోణం కన్నా ఈ సాగతీతే ఎక్కువ తిప్పుతుంది.

కాబట్టి మైన్‌క్రాఫ్ట్‌లో కళ్లు తిరిగితే FOV జోలికి పోకముందు మిగతావి చూడాలి. నడిచే ప్రతి అడుగుకూ కెమెరా ఊగుతుంది. Video Settings లో View Bobbing ఆపేస్తే ఆ ఊపు పోతుంది. పరుగు మొదలుపెట్టగానే కోణం తనంతట తాను విప్పారుతుంది, ఆగగానే ముడుచుకుంటుంది. దీన్ని అదుపు చేసేది FOV Effects. నెదర్ పోర్టల్‌లో దృశ్యం మెలికలు తిరగడాన్ని Distortion Effects తగ్గిస్తుంది. ఈ రెండూ Accessibility Settings లో దొరుకుతాయి. వేరే ఆటల్లో మోషన్ బ్లర్, కెమెరా షేక్, హెడ్ బాబ్ అనే పేర్లు వెతకాలి. ఆటగాడు చేయి కదపకుండానే కెమెరా కదిలే ప్రతి సందర్భమూ అనుమానించదగ్గదే.

కోణం పెంచితే కంప్యూటర్ గీయాల్సిన దృశ్యమూ పెరుగుతుంది. పాత యంత్రంలో ఫ్రేమ్ రేటు పడిపోయి బొమ్మ ఆగి ఆగి కదిలితే మొదటికే మోసం. అలాంటప్పుడు గ్రాఫిక్స్ నాణ్యత తగ్గించుకోవాలి. మైన్‌క్రాఫ్ట్‌లో అయితే Render Distance తగ్గిస్తే తేలికపడుతుంది. తెర మధ్యలో కదలని చుక్క ఉండటం కూడా కొందరికి సాయపడుతుంది. 2008లో వచ్చిన మిర్రర్స్ ఎడ్జ్‌లో ఆ చుక్కను పెట్టింది కళ్లు తిరగకుండా ఉండటానికే.

మార్పులు ఒక్కొక్కటిగా, ఒంట్లో బాగున్నప్పుడే చేసి చూడాలి. వికారం మొదలయ్యాక ఏ సెట్టింగ్ పెట్టినా బాగుండదు, ఏది పనిచేసిందో తెలియదు. ఇవేవీ ఫలించనివారికి మైన్‌క్రాఫ్ట్‌లో F5 నొక్కితే కెమెరా పాత్ర వెనక్కి వెళ్తుంది. తెర మధ్యలో పాత్ర నిలకడగా కనిపించడం చాలామందికి ఊరట. 2014 నాటి ది టాలోస్ ప్రిన్సిపుల్‌లోనూ ఇలా వెనక నుంచి చూస్తూ ఆడే వీలుంది. ఆ ఆటలో కళ్లు తిరిగేవారి కోసమే ప్రత్యేక సెట్టింగులున్నాయి. తొందరపెట్టని పజిల్ ఆట కావడంతో మొదట ప్రయత్నించడానికి అదే అనువైనది.

మొదటి ఆవలింతలకే, నోట్లో నీళ్లూరగానే ఆట ఆపేయండి. తెర ఆపిన తర్వాత కూడా తల తిరుగుడు కొంతసేపు ఉండవచ్చు. అది పూర్తిగా తగ్గేదాకా బండి తీయకండి.