ఒకటి, రెండు, మూడు, నాలుగు... మళ్లీ ఒకటి

పిల్లల్ని జట్లుగా విడదీయాలంటే పీఈటీ మాస్టారు అందర్నీ వరసగా నిలబెట్టి అంకెలు చెప్పమంటారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో పిల్లవాడు మళ్లీ ఒకటి అంటాడు. ఒకటి అన్నవాళ్లంతా ఒక జట్టు, రెండు అన్నవాళ్లంతా ఇంకో జట్టు. ఇదే పనిని కంప్యూటర్లో ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ చేసిపెట్టాలంటే ఒక చిన్న ఫార్ములా చాలు. ఫార్ములా రాయడం రెండు నిమిషాల పని. దానికి ఏ వరసలో పేర్లు అందించాలి, ఆ తర్వాత దాన్ని ఎలా కదలకుండా ఆపాలి అన్నవే జాగ్రత్తగా ఆలోచించాల్సిన సంగతులు.

ఒక తొమ్మిదో తరగతి తీసుకుందాం. 24 మంది అమ్మాయిలు, 18 మంది అబ్బాయిలు, మొత్తం 42 మంది. నాలుగు హౌస్‌లుగా విడదీయాలి. షీట్‌లో మొదటి వరస శీర్షికలకు పోతుంది కాబట్టి పేర్లు రెండో వరస నుంచి 43వ వరస దాకా ఉంటాయి. A కాలమ్‌లో పేరు, B లో అమ్మాయా అబ్బాయా, C లో మార్కులు. D లో జట్టు నంబరు రావాలి.

ROW() అంటే ఫార్ములా ఏ వరసలో కూర్చుందో ఆ వరస సంఖ్య. MOD మనం చిన్నప్పుడు నేర్చుకున్న భాగహారంలో శేషం. ఏ సంఖ్యను నాలుగుతో భాగించినా శేషం 0, 1, 2, 3 లలో ఒకటే అవుతుంది. వరస సంఖ్య ఒక్కొక్కటిగా పెరుగుతూ పోతుంటే శేషం ఆ నాలుగు అంకెల్లోనే తిరుగుతుంటుంది. మనకు కావలసిన వంతు ఇక్కడే దొరికింది.

అయితే MOD(ROW(),4) అని ఊరుకుంటే మొదటి విద్యార్థి రెండో వరసలో ఉన్నాడు కనుక అతనికి 2 వస్తుంది, మూడోవాడికి 0 వస్తుంది. సున్నా జట్టు ఎవరికీ అక్కర్లేదు. అందుకని ముందు లెక్కను సున్నా నుంచి మొదలయ్యేట్టు చేసి, శేషం తీసి, చివర్లో ఒకటి కలుపుతాం.

```
=MOD(ROW()-ROW(A$2),4)+1
```

చాలామంది ROW(A$2) బదులు నేరుగా 2 అని రాస్తారు. అదీ పనిచేస్తుంది. కానీ రేపు ఎవరో పైన బడి పేరు కోసం ఒక వరస చేర్చారనుకోండి, అందరి జట్లూ ఒక మెట్టు జరిగిపోతాయి. ROW(A$2) అని రాస్తే షీట్ ఆ మార్పును తనే సర్దుకుంటుంది. D2 లో దీన్ని రాసి, సెల్ కింది కుడి మూలలో ఉండే చిన్న చతురస్రం మీద డబుల్ క్లిక్ చేస్తే జాబితా చివరిదాకా నిండిపోతుంది. అంకెలకు బదులు హౌస్ పేర్లే కావాలంటే ఇలా:

```
=CHOOSE(MOD(ROW()-ROW(A$2),4)+1,"ఎరుపు","నీలం","ఆకుపచ్చ","పసుపు")
```

42 ని నాలుగుతో భాగిస్తే ఇద్దరు మిగులుతారు. వాళ్లు మొదటి రెండు జట్లకు వెళ్తారు. అంటే 11, 11, 10, 10. ఏ రెండు జట్ల మధ్యా ఒక్కరికి మించి తేడా ఉండదు.

తల లెక్క అంత కచ్చితంగా కుదిరినా జట్లు మాత్రం ఘోరంగా తయారవ్వచ్చు. జాబితాలో ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, మళ్లీ ఒక అమ్మాయి, ఒక అబ్బాయి అని ఒకరి తర్వాత ఒకరుగా పేర్లు ఎక్కించారనుకోండి. బేసి స్థానాలన్నీ అమ్మాయిలవి, సరి స్థానాలన్నీ అబ్బాయిలవి. ఈ ఫార్ములా బేసి స్థానాలను ఒకటో జట్టుకూ మూడో జట్టుకూ, సరి స్థానాలను రెండుకూ నాలుగుకూ పంపుతుంది. ఆ వరస సాగినంత దూరం రెండు జట్లు పూర్తిగా అమ్మాయిలతో, రెండు జట్లు పూర్తిగా అబ్బాయిలతో నిండుతాయి. చూడ్డానికి బాగా కలిపినట్టున్న జాబితా అసలు కలవని జట్లను ఇచ్చింది. జాబితాలో ఉన్న తిరుగుడు, ఫార్ములాలో ఉన్న తిరుగుడు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి.

దీనికి మందు మన ఊహకు వ్యతిరేకంగా ఉంటుంది. కలపాలంటే ముందు విడదీయాలి. B కాలమ్ ప్రకారం సార్ట్ చేసి అమ్మాయిలందర్నీ పైన, అబ్బాయిలందర్నీ కింద పెట్టండి. 24 మంది అమ్మాయిలు జట్టుకు ఆరుగురు చొప్పున సరిగ్గా పంచుకుపోతారు. 18 మంది అబ్బాయిలు 5, 5, 4, 4 గా వెళ్తారు. ఏ లక్షణం అన్ని జట్లలో సమానంగా ఉండాలో ఆ లక్షణం ప్రకారమే సార్ట్ చేయాలి. నన్నడిగితే ఈ పద్ధతిలో తెలుసుకోవలసినదంతా ఈ ఒక్క మాటలో ఉంది.

మార్కుల దగ్గరకొచ్చేసరికి ఇంకో చిక్కుంది. అమ్మాయిల్ని మార్కుల వరసలో పై నుంచి కిందికి పెట్టి వంతులు వేస్తే ఒకటో జట్టుకు 1, 5, 9, 13, 17, 21 ర్యాంకులు వస్తాయి. మొత్తం 66. నాలుగో జట్టుకు 4, 8, 12, 16, 20, 24. మొత్తం 84. ప్రతి విడతలోనూ ఒకటో జట్టుకు మెరుగైన విద్యార్థి, నాలుగో జట్టుకు చివరి విద్యార్థి దక్కుతున్నారు. తేడా ఒక్కో విడతలో కొంచెమే అయినా ప్రతిసారీ అదే జట్టు మీద పడటం అన్యాయం. నాగలి చాలు చివర తిరిగి వెనక్కి దున్నుకొచ్చినట్టు, 1, 2, 3, 4 తర్వాత 4, 3, 2, 1 అని వస్తే ఇది సరిపోతుంది. అప్పుడు ఎనిమిదితో భాగించాలి.

```
=IF(MOD(ROW()-ROW(A$2),8)<4, MOD(ROW()-ROW(A$2),8)+1, 8-MOD(ROW()-ROW(A$2),8))
```

ఇప్పుడు ఒకటో జట్టుకు 1, 8, 9, 16, 17, 24 ర్యాంకులు. మొత్తం 75. మిగతా మూడు జట్లకూ అదే 75. హౌస్‌ల మధ్య ఏడాది పొడుగునా పోటీలు జరిపే బడిలో ఈ పొడుగు ఫార్ములా రాసే శ్రమ తప్పక పడాలి. ఒక్క పూట ఆటకైతే మొదటిదే చాలు.

ఇక కదలకుండా ఆపే సంగతి. ROW() పిల్లవాడిని గుర్తుపెట్టుకోదు, వరసను మాత్రమే చూస్తుంది. జట్లు వేసిన తర్వాత ఎవరైనా జాబితాను అక్షరక్రమంలో సార్ట్ చేస్తే పేర్లు కదులుతాయి, D కాలమ్ మాత్రం 1, 2, 3, 4 అంటూ అక్కడే ఉంటుంది. నిన్న ఎరుపులో ఉన్న పాప ఇవాళ పసుపులో తేలుతుంది. జాబితా మధ్యలో ఉన్న ఒక విద్యార్థి టీసీ తీసుకుని వెళ్లిపోతే ఆ వరస తొలగిస్తాం కదా, అతని కింద ఉన్నవాళ్లందరూ ఒక్కో జట్టు జరుగుతారు. ఎక్కడా ఎర్ర గుర్తు రాదు, తప్పు అని షీట్ చెప్పదు. తల లెక్క కూడా సరిగ్గానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

అందుకే జట్లు కుదిరిన వెంటనే D కాలమ్ మొత్తాన్ని కాపీ చేసి, అక్కడే Paste Special లో Values ఎంచుకుని అతికించాలి. అప్పుడు ఫార్ములాలు పోయి మామూలు అంకెలు మిగులుతాయి. ఆ తర్వాత ఎలా సార్ట్ చేసినా అంకె పిల్లవాడితోపాటే వెళ్తుంది.

జాబితాను నోటీసు బోర్డుకు అతికించే ముందు ఒక్క పరీక్ష చేయండి. జట్టు కాలమ్ ప్రకారమే సార్ట్ చేసి చూడండి. ఒకట్లన్నీ ఒకచోట, రెండులన్నీ ఒకచోట చేరితే ప్రింట్ తీసుకోవచ్చు. సార్ట్ చేశాక కూడా 1, 2, 3, 4, 1, 2, 3, 4 అనే కనిపిస్తే ఫార్ములా ఇంకా బతికే ఉంది, మీరు ఇప్పుడే అందరి జట్లూ మార్చేశారు. వెంటనే Ctrl+Z నొక్కి వెనక్కి వచ్చి, ముందు విలువలుగా అతికించండి.