ఫోటో చూసి పశువు జాతిని గుర్తించుట

ఫోన్‌కు వచ్చిన ఫోటో చూసి గేదెకు బయానా ఇచ్చే అలవాటు మన సభ్యులలో పెరిగింది. పక్క నుండి తీసిన ఫోటోలో జాతి చాలావరకు తెలుస్తుంది. అయితే ముందు చూడవలసినది రంగు కాదు, కొమ్ము.

వరంగల్ ప్రాంతంలో ఒక సభ్యుడు అట్టి ఫోటో నాకు చూపి, "ముర్రా బర్రె సార్" అన్నాడు. నల్లగా నిగనిగలాడుతున్నది. కాని కొమ్ము మెడ వెంట దూరంగా వెనుకకు పోయి, కొసన మాత్రమే పైకి తిరిగి ఉన్నది. ముర్రా కొమ్ము పొట్టిగా ఉండి, మొదటి నుండే వంగి బిగుతుగా చుట్ట చుట్టుకుంటుంది. కొడవలి వంపు ఉంటే అది నాటు గేదె గాని, గ్రేడెడ్ ముర్రా గాని, మెహసానా గాని కావచ్చును. నలుపు ఏమిటంటారా, కడిగి నూనె రాస్తే ఏ బర్రె అయినా మెరుస్తుంది! పడ్డలకు మాత్రం కొమ్ము ఇంకా పూర్తిగా చుట్టుకొని ఉండదు. తల మన వైపు తిప్పిన ఫోటోలోనూ చుట్ట తెలియదు. మరొకటి పంపమని అడగాలి.

ఆవులకైతే మూపురం చూడాలి. ఎర్రగా ఉన్నదని జెర్సీ సంకరాన్ని సాహివాల్ అని చెప్పేవారున్నారు. సాహివాల్‌కు మూపురం, వేలాడే గంగడోలు ఉంటాయి. సంకరం పెరిగినకొద్దీ వీపు చదునవుతుంది. తెల్లని ఒంటికి మంచి మూపురం, పొట్టి మొద్దు కొమ్ములు ఉంటే ఒంగోలు కావచ్చును.

ఫోటోలో పాలు కనబడవు. ఆ సభ్యుడు బయానా ఆపి, స్వయంగా వెళ్లి, పళ్లు చూసి, రెండు పూటలు ఎదుట పిండించి, ముర్రా ధర కాకుండా ఆ పాలకు తగిన ధరకే గేదెను తోలుకొచ్చాడు.