గుంపులో ఇమడని మాట

గోదావరి, కృష్ణ, కావేరి, నర్మద. ఈ నాలుగింటిలో వేరుగా ఉన్నదాన్ని గుర్తించమంటే మీరేం చెబుతారు?

భూగోళం గుర్తున్నవాళ్లు నర్మద అంటారు. మిగతా మూడూ తూర్పుకు పారి బంగాళాఖాతంలో కలుస్తాయి, నర్మద పడమటికి పోయి అరేబియా సముద్రంలో కలుస్తుంది. అదే ప్రశ్నను మూడో తరగతి పిల్లకు ఇస్తే కృష్ణ అనవచ్చు. గోదావరి, కావేరి, నర్మద ఆడపిల్లల పేర్లు, కృష్ణ మగపిల్లాడి పేరు. నాలుగూ నదులేనన్న సంగతి ఆ పిల్లకూ తెలుసు. నదులన్నది నాలుగింటికీ వర్తిస్తోంది కాబట్టి దానితో ఏదీ విడిపోదని గ్రహించి, ఇంకో సూత్రం వెతుక్కుంది. ఇలాంటి పిల్లకు సున్నా వేయడం నా దృష్టిలో అన్యాయం.

మరి సరైన జవాబు ఏది? ఆ నాలుగు మాటల్ని ఎంతసేపు చూసినా అది తేలదు. పాఠం పేరు చూస్తే తేలుతుంది. 'మన నదులు' అన్న పాఠం కింద ఉంటే నర్మద, 'పేర్లు - స్త్రీలింగం, పుంలింగం' అన్న పాఠం కింద ఉంటే కృష్ణ. పదజాలం పాఠాల్లో వచ్చే ఈ రకం ప్రశ్నకు నాలుగు మాటలతో పాటు పైన ఉన్న శీర్షిక కూడా ప్రశ్నలో భాగమే. పాఠంలోంచి విడదీసి ప్రశ్నాపత్రంలోకి ఎత్తిపోసినప్పుడే తగవులు మొదలవుతాయి.

అలాగని నోటికొచ్చిన కారణమల్లా చెల్లదు. గోదావరి, కృష్ణ తెలుగు రాష్ట్రాల్లో పారతాయి, కావేరి, నర్మద పారవు అనేది నిజమే. కానీ అది రెండుకు రెండుగా చీల్చింది, ఒంటరిగా దేన్నీ మిగల్చలేదు. నర్మద గుజరాత్‌లో పారుతుంది కాబట్టి అదే వేరు అన్నా కారణం సగమే. ఆ మాటకొస్తే ప్రతి నదికీ మిగతా మూడింటికి లేని ప్రత్యేకత ఏదో ఒకటి ఉంటుంది. వేరైనదాని గురించి కాక ముందు మిగిలిన మూడింటి గురించి చెప్పగలగాలి. 'ఈ మూడూ ఫలానా, ఇది కాదు' అని ఒక్క వాక్యంలో వస్తే అది సూత్రం.

ప్రశ్న తయారుచేసేవాళ్లకూ ఇదే పరీక్ష. ఆవు, గేదె, మేక, గుర్రం తీసుకోండి. మొదటి మూడింటికీ కొమ్ములుంటాయి, గుర్రానికి ఉండవు. మూడూ నెమరువేస్తాయి, గుర్రం వేయదు. మూడింటి గిట్టలూ చీలి ఉంటాయి, గుర్రం గిట్ట ఒక్కటే. మూడింటి పాలూ మనం తాగుతాం. ఏ దారిన వెళ్లినా గుర్రం దగ్గరికే చేరుతున్నాం. మంచి ప్రశ్న అంటే ఇదే. ఇందులో గేదెను తీసేసి సింహాన్ని పెట్టామా, వ్యవహారం చెడిపోతుంది. కొమ్ముల సూత్రం రెండుకు రెండుగా చీలుతుంది, మాంసం తినే సూత్రం సింహాన్ని బయటికి తీస్తుంది, పరిమాణం చూసేవాడు మేకను తీస్తాడు.

గుర్రం ప్రశ్నలో కూడా ఒక చిక్కు మిగిలే ఉంది. మన పల్లెల్లో గొర్రెల్నీ మేకల్నీ 'జీవాలు' అంటారు, ఆవుల్నీ గేదెల్నీ పశువులంటారు. కాపరి ఇంటి పిల్లాడు మేకను విడదీస్తే అతనిదీ వర్గీకరణే. అది పుస్తకం వర్గీకరణ కాదు, మంద తోలేవాళ్లది.

ఈ తేడాను లోతుగా పట్టుకున్నది సోవియట్ మనస్తత్వవేత్త అలెగ్జాండర్ లూరియా. 1931-32లో ఆయన ఉజ్బెకిస్తాన్, కిర్గిజియా పల్లెలకు వెళ్లి చదువురాని రైతుల ముందు సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు పెట్టారు. ఏది వేరు అంటే బడి చదువుకున్నవాడు తడుముకోకుండా దుంగ అంటాడు, మిగతావి పనిముట్లు కదా. ఆ రైతుల్లో చాలామంది దుంగను తీయడానికి ఒప్పుకోలేదు. దుంగ లేకపోతే రంపానికి పనేముంది? తీస్తే సుత్తిని తీయాలి గానీ! కొద్దికాలం బడికి వెళ్లినవాళ్లలో మాత్రం పనిముట్లు అన్న గుంపు కనిపించడం మొదలైంది. రైతులకు ఆలోచన లేక కాదు. ఒకే జాతివి కలపడం ఒక పద్ధతి, ఒకే పనిలో కలిసేవి కలపడం మరో పద్ధతి. బడి మొదటిదాన్ని నేర్పుతుంది, నేర్పుతున్నానని మాత్రం చెప్పదు.

రెండో పద్ధతి చదువురానివాళ్లదే అనుకుంటే అమరకోశం తెరిచి చూడాలి. మన పెద్దలు తరతరాలుగా కంఠస్థం చేసిన ఆ సంస్కృత నిఘంటువు అక్షరక్రమంలో ఉండదు, వర్గాలుగా ఉంటుంది. సింహం, పులి, కోతి, పిల్లి సింహాది వర్గంలో ఉన్నాయి. గుర్రాన్నీ ఏనుగునూ అక్కడ వెతికితే దొరకవు. అవి సైన్యంతో పాటు క్షత్రియ వర్గంలో ఉన్నాయి. ఆవు సేద్యం, వ్యాపారాలతో కలిసి వైశ్య వర్గంలో, కుక్క వేటకు దగ్గరగా శూద్ర వర్గంలో ఉన్నాయి. చేపలు నీళ్లతో పాటు వారివర్గంలో చేరాయి. అమరసింహుడికి జంతువులన్న ఒకే గుంపు అక్కర్లేకపోయింది. ఎవరికి ఏది పనికొస్తుందో చూసి అక్కడ పెట్టాడు. ఆనాటి సమాజపు మెట్లు కూడా ఆ అమరికలోకి ఎక్కి కూర్చున్నాయన్నది వేరే చర్చ.

పట్టికల్లో సర్దమనే ప్రశ్నల్లో ఇంకో ఇబ్బంది వస్తుంది. ఇంగ్లిష్ పుస్తకాన్ని చూసి 'పండ్లు', 'కూరగాయలు' అని రెండు గడులు గీసి మామిడి, అరటి, బొప్పాయి, బెండ ఇస్తుంటారు. అరటి ఏ గడిలోకి? అరటికాయ వేపుడుకు వెళుతుంది, అరటిపండు ఫలహారానికి. మామిడికాయ పప్పులోకి, పండు పళ్లెంలోకి. కాయ, పండు అన్నవి మనకు ముదిరే దశలు. కాబట్టి ఒకే చెట్టు రెండు గడుల్లోనూ నిలబడుతుంది. 'మామిడిపండు, అరటికాయ' అని పూర్తిగా రాసిస్తే తగవు తీరిపోతుంది. లేదా 'రెండింటిలోనూ' అని మధ్యలో మూడో గడి గీయాలి. నేనైతే మూడో గడినే ఇష్టపడతాను, పిల్లలు ఎక్కువగా వాదించుకునేది దాని గురించే.

ఇక ఈ అభ్యాసం పాఠంలో ఎక్కడ ఉండాలన్నది తేలాలి. కొత్త భాష నేర్పేటప్పుడు చాలా పుస్తకాలు ఒకే గుంపు మాటల్ని ఒకేసారి పరిచయం చేస్తాయి. రంగులన్నీ ఒక పాఠం, బట్టలన్నీ ఒక పాఠం. థామస్ టింకమ్ 1993లో, రాబర్ట్ వేరింగ్ 1997లో దీన్ని పరీక్షించారు. చొక్కా, కోటు, స్వెటర్ లాంటి ఒకే జాతి మాటలకు కొత్త పదాలు నేర్పితే, పొంతన లేని మాటలకు నేర్పినప్పటి కన్నా ఆలస్యంగా వచ్చాయి. దగ్గరి అర్థాలున్నవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అయితే కప్ప, చెరువు, ఈదడం, పచ్చని రంగు లాగా ఒకే దృశ్యంలో ఇమిడే మాటలు సులువుగా వచ్చాయని టింకమే 1997లో చూపించారు. రంపాన్నీ దుంగనూ విడదీయని రైతుల గుంపు కూడా ఇలాంటిదే.

అంటే మాటల్ని పరిచయం చేసేటప్పుడు దృశ్యం, అవి నోటికి వచ్చాక వర్గం. వేరైనదాన్ని గుర్తించే ప్రశ్న పాఠం చివర ఉంటే పనిచేస్తుంది. మొదట్లోనే పెడితే పిల్లలు మాట తెలియక తప్పు చేశారో, సూత్రం తెలియక తప్పు చేశారో టీచరుకు అంతుపట్టదు. ఆ రెండింటినీ విడదీయడానికి జవాబు పక్కన 'ఎందుకంటే' అని ఒక గీత గీసి వదిలితే చాలు. నర్మద అని రాసి 'పేరు చివర ద ఉంది' అన్న పిల్లాడికీ, కృష్ణ అని రాసి 'మిగతా మూడూ ఆడపేర్లు' అన్న పిల్లకూ ఎన్నేసి మార్కులు వేయాలో అప్పుడు టీచరే తేల్చుకోవచ్చు.