పీడీఎఫ్ రెజ్యూమె: మనకు కనిపించేదీ, సాఫ్ట్‌వేర్ చదివేదీ

మా అక్క కొడుకు గుంటూరులో బీటెక్ పూర్తిచేసి ఒక చిన్న సంస్థలో ఆర్నెల్లు ఇంటర్న్‌గా పనిచేశాడు. మొన్న పండక్కి వచ్చినప్పుడు తన రెజ్యూమె నా ఫోన్‌కి పంపి, "ఒకసారి చూడు మామయ్యా, ముప్పై చోట్ల పెట్టాను, ఒక్క ఫోనూ రాలేదు" అన్నాడు. వాడు పంపింది వర్డ్ ఫైలు. వాడి ల్యాప్‌టాప్‌లో సరిగ్గా ఒక పేజీలో ఉంది. నా ఫోన్‌లో తెరిస్తే రెండు పేజీలైంది. తేదీలు కుడి అంచు దాటి కింది లైనులోకి జారాయి. చివరి రెండు లైన్లు రెండో పేజీ నెత్తిన ఒంటరిగా మిగిలాయి.

వర్డ్ ఫైలులో పేజీ అనేది తయారై ఉండదు. మాటలు, వాటిని ఎలా పేర్చాలో చెప్పే సూచనలు మాత్రమే ఉంటాయి. తెరిచిన ప్రతిసారీ ఆ ఫోనో కంప్యూటరో పేజీని కొత్తగా పేరుస్తుంది. వాడు వాడిన ఫాంటు నా ఫోన్‌లో లేదు. దాని బదులు వచ్చిన ఫాంటులో అక్షరాలు కాస్త వెడల్పు. ఒక్కో లైనులో ఒక మాట కిందికి దిగినా పేజీ చివరికొచ్చేసరికి లెక్క తప్పుతుంది.

పీడీఎఫ్‌లో ఈ బాధ లేదు. అడోబీ సంస్థ 1993లో దీన్ని విడుదల చేసింది ఇందుకోసమే. ఏ అక్షరం పేజీలో ఎక్కడ కూర్చోవాలో కొలతతో సహా అందులో రాసి ఉంటుంది. ఫాంటును కూడా ఫైలులోనే పొదిగేస్తే ఎక్కడ తెరిచినా అదే రూపం. కానీ రెండో చిక్కు పుట్టేదీ ఇక్కడే. మామూలు పీడీఎఫ్‌కి పేరా అంటే ఏమిటో, శీర్షిక అంటే ఏమిటో తెలియదు. "ఈ ఆకారాన్ని ఈ చోట గియ్యి" అన్నంత వరకే దానికి తెలుసు. కంపెనీల్లో రెజ్యూమెలను మొదట అందుకునే సాఫ్ట్‌వేర్‌ను అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్, క్లుప్తంగా ఏటీఎస్ అంటారు. అది పేజీ అందాన్ని చూడదు. ఆ ఆకారాల వెనకున్న అక్షరాలను ఏరి, వరసలో పెట్టి, పేరు ఏది, చదువు ఏది, అనుభవం ఏది అని పోల్చుకోవాలని చూస్తుంది.

మావాడి దగ్గర అదే రెజ్యూమె పీడీఎఫ్ కూడా ఉంది. ముప్పై చోట్లా పెట్టింది దాన్నే. ఎడమవైపు నీలం పట్టీలో నైపుణ్యాలు, కుడివైపు అనుభవం, ఫోన్ నంబరు పక్కన చిన్న ఫోను బొమ్మ, చూడటానికి ముచ్చటగా ఉంది. "దీన్ని తెరిచి Ctrl+A కొట్టి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వెయ్యరా" అన్నాను. పడింది ఇదీ:

```
SKILLS Project Intern
Python, SQL Jan 2024 - Jun 2024
Excel Built weekly sales reports
Certi ed in Tableau
```

వాడు కాసేపు మాట్లాడలేదు. రెండు నిలువు వరసలు అడ్డంగా కలిసిపోయాయి. పైథాన్ నేర్చుకున్నది జనవరి నుంచి జూన్ వరకేనన్నట్టు తయారైంది. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఇలాగే చదువుతాయని కాదు. కొన్ని రెండు వరసలనూ సరిగ్గానే విడదీస్తాయి. కానీ అవతల ఏది ఉందో మనకు తెలియదు కాబట్టి ఆ ఊహాపోహలకు చోటివ్వకపోవడమే మంచిది.

నాలుగో లైను ఇంకా చూడాల్సిన సంగతి. `Certified` అన్న మాటలో `f`, `i` పక్కపక్కన పడితే కొన్ని ఫాంట్లు రెంటినీ కలిపి ఒకే ఆకారంగా గీస్తాయి. ఆ ఆకారం వెనక ఉన్నవి ఏ అక్షరాలో చెప్పే పట్టిక ఒకటి పీడీఎఫ్‌లో ఉండాలి. అది లేకపోయినా, అందులో తప్పు ఉన్నా కంటికి మాట నిండుగా కనిపిస్తుంది గానీ వెతికితే దొరకదు. ఫైలులో Ctrl+F కొట్టి `certified` అని వెతికించాను. ఎదురుగా ఉన్న మాటే లేదంది. ఫోను బొమ్మదీ ఇదే కథ. అది ఒక ప్రత్యేక ఫాంటులోని గుర్తు కాబట్టి నోట్‌ప్యాడ్‌లో ఖాళీ డబ్బాగా మారింది.

ఆ రాత్రే కూర్చుని వర్డ్‌లో మళ్లీ తయారుచేశాం. ఒకే నిలువు వరస, పైనుంచి కిందికి. టెక్స్ట్ బాక్సులన్నీ తీసేశాం. నైపుణ్యాలను గీతలతో, చుక్కలతో చూపించే బదులు మాటల్లోనే రాశాం. తేదీలు కుడి అంచున ఉండాలన్నాడు. అందుకు టేబుల్ అక్కర్లేదు, కుడివైపు ఒక ట్యాబ్ స్టాప్ పెడితే చాలు. శీర్షికలను ఊరికే బోల్డ్ చేయకుండా Heading స్టైల్ ఇచ్చాం. ఫోన్ నంబరు, ఈమెయిలు వాడు పేజీ హెడర్‌లో పెట్టుకున్నాడు, వాటిని కిందికి దింపాం. ట్యాగులతో పీడీఎఫ్ చేసినప్పుడు హెడర్‌లో ఉన్నది అసలు విషయం కాదన్న గుర్తుతో వెళ్తుంది, చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేసే వీలుంది.

పీడీఎఫ్ చేసే దారిలోనూ ఒక గుంట ఉంది. చాలామంది ప్రింట్‌కి వెళ్లి Microsoft Print to PDF ఎంచుకుంటారు. రూపం వస్తుంది గానీ ఏది శీర్షిక, ఏది పేరా అని చెప్పే ట్యాగులు పోతాయి. Save As లో PDF ఎంచుకుని Options తెరవాలి. అక్కడ Document structure tags for accessibility కి టిక్ ఉండాలి. Bitmap text when fonts may not be embedded అన్నదానికి టిక్ ఉంటే తీసేయాలి. పొదగడానికి అనుమతి లేని ఫాంటు వాడినప్పుడు ఆ టిక్ మాటలను బొమ్మగా మార్చేస్తుంది. మనకు తేడా తెలియదు, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అక్కడ అక్షరమే ఉండదు. ప్రింటు తీసి స్కాన్ చేసిన రెజ్యూమెదీ ఇదే గతి. 

తెలుగులో రెజ్యూమె పెట్టే పాత్రికేయులు, తెలుగు మాస్టార్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టించిన పేజీ కంటికి చక్కటి తెలుగే, కానీ ఆ ఆకారాల వెనక ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. నోట్‌ప్యాడ్‌లో వేస్తే ఏ భాషా కాని పిచ్చిగీతలు పడతాయి. యూనికోడ్‌లో కొట్టినా పూర్తి భరోసా లేదు. "శ్రీ" మనకు ఒక్క అక్షరం, యూనికోడ్‌కి నాలుగు సంకేతాలు. పీడీఎఫ్‌లో అవి ఒకటో రెండో ఆకారాలవుతాయి, తిరిగి ఏరేటప్పుడు ఒత్తు, గుడి తారుమారయ్యే ప్రమాదం ఉంది. అందుకే పేరు, ఈమెయిలు, చదువు, ఉద్యోగం పేరు ఇంగ్లిషు అక్షరాల్లోనూ ఒకసారి రాసి పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

నోట్‌ప్యాడ్ పరీక్షకీ ఒక హద్దు ఉంది. మాటలు చెడకుండా, వరస తప్పకుండా బయటికి వస్తున్నాయా అన్నదే అది చెబుతుంది. ఫలానా కంపెనీ సాఫ్ట్‌వేర్ వాటిని ఏ గడిలో వేసుకుంటుందో చెప్పదు. అది కాస్త కనబడేది దరఖాస్తు పేజీలోనే. చాలా చోట్ల రెజ్యూమె ఎక్కించగానే కింది ఫారం దానంతటదే నిండుతుంది. తొందరలో చాలామంది దాన్ని చూడకుండా కిందికి జరిపేస్తారు. సాఫ్ట్‌వేర్ మనల్ని ఎలా చదివిందో అక్కడే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున వాడు కొత్త ఫైలు ఒకచోట ఎక్కించాడు. ఇంతకుముందు ఖాళీగా ఉండిపోయే ఫోన్ నంబరు గడి నిండింది. ఇంటర్న్‌షిప్ కింద జనవరి 2024, జూన్ 2024 అని సరిగ్గా పడ్డాయి. కాలేజీ పేరు గడిలో మాత్రం డిగ్రీ పేరు వచ్చి కూర్చుంది. రెండూ ఒకే లైనులో కామాతో రాశాం మరి. వాడు ఆ గడిని చేత్తో సరిచేసి, వర్డ్ ఫైలు తెరిచి కాలేజీ పేరును కింది లైనులోకి దింపాడు.