మిన్‌కీ మాక్స్‌కీ మధ్య

కొత్తగా కారు కొన్నవాళ్లు బానెట్ ఎత్తేది సాధారణంగా రెండుసార్లే. ఇంటికొచ్చిన చుట్టాలకు చూపించడానికోసారి, నడిరోడ్డు మీద బండి మొరాయించినప్పుడు మరోసారి. నెలకో రోజు పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందే ఎత్తి చూసుకుంటే ఆ రెండోది చాలావరకు తప్పుతుంది. ముఖ్యంగా చూడాల్సినవి మూడు: ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్. మూడింటికీ కిందొక గీత, పైనొక గీత ఉంటాయి. కానీ ఆ గీతలు మూడుచోట్లా ఒకే మాట చెప్పవు. తగ్గింది కదా అని అన్నింట్లోనూ పై గీత దాకా నింపేస్తేనే చిక్కు.

ఇంజన్ ఆయిల్ ఉండే చాంబర్ ఇంజన్ అడుగున ఉంటుంది కాబట్టి పైనుంచి కనిపించదు. దాని మట్టం తెలుసుకోవడానికి పసుప్పచ్చ లేదా నారింజ రంగు పిడి ఉన్న డిప్‌స్టిక్ ఉంటుంది. బండి చదునైన నేల మీద ఉండాలి. సెల్లార్ ర్యాంపు మీద ఆపి చూస్తే ఆయిలంతా ఒకవైపుకు చేరి లెక్క తప్పుతుంది. బండి నడిపి వచ్చినట్టయితే ఇంజన్ ఆపి ఓ పది నిమిషాలు ఆగితే పైకెక్కిన ఆయిల్ కిందికి దిగుతుంది. డిప్‌స్టిక్‌ను మొదటిసారి లాగినప్పుడు కనబడేదాన్ని నమ్మకూడదు, గొట్టం గోడలకున్న ఆయిల్ దానికి అంటుకుని ఉంటుంది. పీచు వదలని పాత గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ చివరిదాకా దించి, తీసి చూడాలి. రెండు పక్కలా తిప్పి చూస్తే ఒక్కోసారి ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కనిపిస్తుంది. తక్కువ చూపించేదే అసలు మట్టం.

చివర రెండు చిల్లులో, ఎల్, ఎఫ్ అనే అక్షరాలో, అడ్డదిడ్డంగా గీతలు చెక్కిన పట్టీయో ఉంటుంది. తడి ఆ రెంటి మధ్య ఎక్కడున్నా ఫరవాలేదు. చాలా చిన్న కార్లలో ఈ రెండు గుర్తుల మధ్య తేడా సుమారు లీటరు. కచ్చితమైన అంకె, పోయాల్సిన ఆయిల్ గ్రేడు కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటాయి. లెక్క ప్రకారం, సరిగ్గా మధ్యలో ఉంటే తగ్గింది అర లీటరు. పోయాల్సివస్తే పావు లీటరుకు మించకుండా పోసి, కాసేపాగి మళ్లీ చూడాలి. ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగతో బేరింగులకు సరైన తడి అందదు. ఎర్రటి ఆయిల్ లైటు వెలగలేదు కదా అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. చాలా కార్లలో ఆ లైటు చెప్పేది మట్టం కాదు, ఆయిల్ ఒత్తిడి. అది వెలిగేసరికే ఆలస్యమైపోతుంది, వెంటనే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి.

డీజిల్ బండిలో ఆయిల్ నల్లగా ఉండటం మామూలే. పాలు కలిసిన కాఫీలా కనిపిస్తే మాత్రం అందులో నీరు చేరినట్టు. బీఎస్‌ 6 డీజిల్ కార్లలో ఇంకో విచిత్రం ఉంది. రోజూ ఊళ్లోనే కొద్ది దూరాలు తిరిగే బండిలో మట్టం తగ్గకుండా, పెరగొచ్చు. పొగ గొట్టంలోని ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా చిమ్మే డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. పోయకుండానే పై గుర్తు దాటితే సంతోషించకుండా ఆయిల్ మార్పించాలి.

కూలెంట్ డబ్బా తెల్లటి ప్లాస్టిక్‌ది, బయటినుంచే చూడొచ్చు. మిన్, మాక్స్ అనో, లో, ఫుల్ అనో పక్కన రాసి ఉంటుంది. ఈ గీతలు చల్లటి ఇంజన్‌కు వర్తిస్తాయి. వేడికి కూలెంట్ వ్యాకోచించి పైకొస్తుంది కాబట్టి ప్రయాణం చేసి రాగానే చూస్తే నిండుగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. పాత డబ్బాల్లో మరకే మట్టంలా కనిపిస్తుంది. వెనకనుంచి సెల్‌ఫోన్ లైటు వేసి, బండిని కొంచెం ఊపితే అసలు నీటి గీత కదులుతుంది. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పారంటే లోపలి ఒత్తిడికి మరిగే కూలెంట్ మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

మూసి ఉండే వ్యవస్థ కనుక కూలెంట్ నెలనెలా తగ్గాల్సిన అవసరం లేదు. ఒక బండి తీసుకుందాం. మొదటి నెల మాక్స్ దగ్గర ఉంది, మార్కర్ పెన్నుతో డబ్బా మీద సన్నటి గీత పెట్టి తేదీ రాసుకున్నారు. మరుసటి నెల సగానికి దిగింది, పోసి నింపారు. మూడో నెల మళ్లీ సగానికే వచ్చింది. ఇక పోస్తూ కూర్చోకూడదు, వెతకాలి. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింద రంగురంగుల పొడిలా గట్టిపడిన చారలుంటే లీకు అక్కడే. కారు లోపల ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్‌ లీకవుతోంది. బయట ఎక్కడా తడి లేకుండా, ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానించాలి. ఏదో ఒకటి పోద్దామని బోరు నీళ్లు పోయకండి, ఉప్పు గడ్డకట్టి రేడియేటర్ సన్నని గొట్టాలు పూడుకుంటాయి. కలిపి అమ్మే కూలెంట్ అయితే అలాగే పోయొచ్చు. చిక్కటిదైతే చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్ కలపాలి. చాలా కూలెంట్లు విషం, పైగా తియ్యగా ఉంటాయి. ఒలికితే కడిగేయాలి, కుక్కలు నాకుతాయి.

బ్రేక్ ఆయిల్ డబ్బా చిన్నది. మన కార్లలో ఎక్కువగా డ్రైవరు వైపు, ముందు అద్దం కింద ఉంటుంది. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది. మూత తెరవకుండానే పక్కనుంచి చూడాలి, ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ అది మరిగే వేడి తగ్గిపోతుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు లోపల ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తగా దిగిపోతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి.

ఇక్కడ మట్టం నెమ్మదిగా తగ్గడం లోపం కాదు. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, వాటి వెనక ఏర్పడిన ఖాళీలోకి డబ్బాలోని ద్రవం దిగుతుంది. ఏడాదిలో కొద్దికొద్దిగా దిగి మిన్ దగ్గరికి వచ్చిందంటే అది ప్యాడ్లు చూపించుకోమన్న కబురు. అప్పుడు మాక్స్ దాకా పోసేస్తే కబురు చెరిపేసినట్టే. పైగా కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు మెకానిక్ పిస్టన్లను వెనక్కి నెడితే ఎక్కువైనది డబ్బా పొంగి ఒలుకుతుంది, పడ్డచోట పెయింటు లేచిపోతుంది. వారం, పది రోజుల్లోనే గీత గీతకూ దిగిపోతుంటే మాత్రం ఎక్కడో లీకుంది. చక్రాల లోపలివైపు తడి కనబడ్డా, పెడల్ కిందికంటా దిగిపోతున్నా ఆ బండిని షెడ్డుదాకా కూడా నడపొద్దు, మెకానిక్‌నే పిలిపించాలి. చాలా గేర్ల కార్లలో క్లచ్‌కూ ఇదే డబ్బా, కాబట్టి లీకు అటువైపూ ఉండొచ్చు. చేతిలో ఉంది కదా అని ఇంజన్ ఆయిల్ చుక్క కలిసినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

మిగిలినవి తేలిక. పవర్ స్టీరింగ్ ఇప్పటి కార్లలో ఎక్కువగా కరెంటుదే కాబట్టి చూడాల్సిన డబ్బా ఉండదు. పాతకాలపు హైడ్రాలిక్ స్టీరింగ్ అయితే దాని మీద హాట్, కోల్డ్ అని రెండు వేర్వేరు గీతలుంటాయి, ఇంజన్ ఏ స్థితిలో ఉంటే ఆ గీతతో పోల్చుకోవాలి. వైపర్ నీళ్ల డబ్బాకు తరచు గీతలే ఉండవు. మూత మీద వైపర్ బొమ్మ ఉంటుంది. అది నిండుగా ఉంటే చాలు, నీళ్లు మాత్రం వడకట్టినవి పోస్తే అద్దం మీదికి చిమ్మే సన్నని రంధ్రాలు పూడుకోవు.