ఆరో బట్టీకి చోటుందా?

సంక్రాంతి దాటాక ఇటుక బట్టీల వైపు వెళ్తే, పచ్చి ఇటుకలు బారులు తీరి ఎండలో ఆరుతుంటాయి. వానలు పడేలోగా అచ్చులు పోసి, ఆరబెట్టి, కాల్చి పని ముగించాలి. అందుకే ఈ ఏడు ఎన్ని లక్షల ఇటుక పోయాలో యజమాని సీజన్ మొదట్లోనే తేల్చుకోవాలి. కూలీలకు అడ్వాన్సులు ఇచ్చేదీ, మట్టి తోలించుకునేదీ ఆ లెక్కను బట్టే. ధర మాత్రం ఆయన ఒక్కడి చేతిలో ఉండదు. చుట్టుపక్కల బట్టీలన్నిటి ఇటుకా బయటికొచ్చాక అది తేలుతుంది.

ఇలా ఎంత సరుకు తయారుచేయాలో ఎవరికి వారు ముందే నిర్ణయించుకుని, ధరను మార్కెట్‌కు వదిలేసే పోటీని మొదట లెక్కకట్టినవాడు ఫ్రెంచ్ గణితవేత్త ఆంత్వాన్ ఆగస్టిన్ కూర్నో. 1838లో వచ్చిన తన పుస్తకంలో ఆయన రెండు మినరల్ నీటి ఊటల యజమానులను ఉదాహరణగా తీసుకున్నాడు. ఊటలు రెండే అయితే పోటీదారులూ ఇద్దరే. బట్టీ అలా కాదు, డబ్బున్న ఎవరైనా కొత్తది పెట్టొచ్చు. మరి అడ్డుచెప్పేవారు లేనప్పుడు ఒక పట్టణం చుట్టూ బట్టీలు ఎన్ని దగ్గర ఆగుతాయి?

లెక్క కోసం ఒక పట్టణాన్ని ఊహించుకుందాం. ఇటుక ధర 16 రూపాయలైతే అక్కడ ఎవరూ కొనరు. అక్కడి నుంచి అదనంగా ప్రతి లక్ష ఇటుక అమ్ముడుపోవాలంటే ధర 10 పైసలు తగ్గాలి. అంటే మొత్తం 100 లక్షల ఇటుక వస్తే ధర 6 రూపాయలు. మట్టి, కూలి, బొగ్గు కలిపి ఒక్కో ఇటుకకు 4 రూపాయలు ఖర్చు. ఇది కాక, పది ఇటుకలు చేసినా పది లక్షలు చేసినా ఏటా తప్పని ఖర్చు ఒకటుంది. నేల కౌలు, లైసెన్సు, చిమ్నీ నిర్వహణ, కాపలా కలిపి బట్టీకి 30 లక్షల రూపాయలు అనుకుందాం. ఈ స్థిర వ్యయమే కథంతా నడిపిస్తుంది.

ముందు ఒక యజమాని ఆలోచన చూద్దాం. ఇప్పటికే 20 లక్షల ఇటుక పోస్తున్నాడు, ధర 6 రూపాయలు. ఇంకో లక్ష పోస్తే ఇటుకకు 2 రూపాయల చొప్పున సుమారు 2 లక్షలు మిగులుతుంది. కానీ ఆ లక్ష వల్ల ధర 10 పైసలు పడుతుంది, అది తన 20 లక్షల ఇటుక మీదా పడుతుంది. ఆ నష్టమూ 2 లక్షలే. వచ్చేదీ పోయేదీ సరిసమానం కాబట్టి అక్కడే ఆగుతాడు. ఇతరుల సరుకు మారదనుకుని ప్రతి యజమానీ ఈ తూకమే వేసుకుంటే, n బట్టీలు ఉన్నప్పుడు ఒక్కొక్కరు పోసే ఇటుక, లక్షల్లో, ఇలా తేలుతుంది:

q = 120/(n+1)

స్థిర వ్యయం తీయకముందు ఒక్కో బట్టీకి మిగిలేది, లక్షల రూపాయల్లో, 1440/(n+1)². బట్టీ ఒక్కటే ఉంటే 360 లక్షలు మిగులుతుంది. రెండైతే తలా 160, మూడైతే 90, నాలుగైతే 57.6, ఐదైతే 40 లక్షలు. ఈ సొమ్ము 30 లక్షల ఖర్చుకు మించి ఉన్నంతకాలం కొత్తవారు వస్తూనే ఉంటారు.

ఐదు బట్టీలు ఉన్నప్పుడు ఖర్చులన్నీ పోను ఒక్కొక్కరికి 10 లక్షలు మిగులుతోంది. దారిన పోయేవారికి ఇది మంచి వ్యాపారంలాగే కనిపిస్తుంది. కానీ ఆరో బట్టీ పెడితే 1440ని 49తో భాగించాలి. తలా వచ్చేది 29 లక్షల 39 వేలు. ఖర్చు 30 లక్షలు. అంటే ఆరుగురికీ తలా 61 వేల నష్టం. పక్కవాడి లాభం చూసి దిగితే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఆయన లెక్కించాల్సింది ఇప్పుడున్న ధరతో కాదు, తాను వచ్చాక ఉండబోయే ధరతో. కాబట్టి ఈ పట్టణంలో బట్టీల సంఖ్య ఐదు దగ్గర నిలుస్తుంది. లాభం సున్నా కాదు, అయినా ఇంకొకరికి చోటు లేదు.

తెలియక ఆరోవాడు దిగాడనుకుందాం. మరుసటి ఏడు ఒకరు తప్పుకుంటారా? అది ఖర్చు స్వభావాన్ని బట్టి ఉంటుంది. కౌలు వదిలేస్తే మిగిలే డబ్బు అయితే ఎవరో ఒకరు తప్పుకుంటారు. చిమ్నీ కట్టడానికి పోసినట్టు తిరిగిరాని డబ్బు అయితే, చేతికి ఇంకా 29 లక్షలు వస్తున్నాయి కాబట్టి ఎవరూ కదలరు. ఆరుగురూ నష్టం మోస్తూనే బట్టీలు కాలుస్తుంటారు.

ఇప్పుడు పట్టణం రెట్టింపు అయిందనుకుందాం. ఏ ధర దగ్గరైనా కొనే ఇటుక రెండింతలైంది. బట్టీలు పది అవుతాయా? మిగిలేది 2880/(n+1)² అవుతుంది. లెక్క వేస్తే ఎనిమిది దగ్గరే ఆగుతుంది. ఎందుకంటే జనం వచ్చినకొద్దీ పోటీ పెరిగి ధర 5 రూపాయల 33 పైసలకు దిగుతుంది. ఇటుక మీద మార్జిన్ తగ్గింది కనుక, అదే 30 లక్షలు రాబట్టడానికి ఒక్కో బట్టీ ఇదివరకటికన్నా ఎక్కువ ఇటుక అమ్మాలి. తిమోతీ బ్రెస్నహాన్, పీటర్ రీస్ 1991లో అమెరికాలోని విడివిడి చిన్న పట్టణాల్లో డాక్టర్లు, దంతవైద్యులు, మందుల షాపులు, ప్లంబర్లు, టైర్ల వ్యాపారుల సంఖ్యను జనాభాతో పోల్చి చూసింది ఈ మార్పు కోసమే. పోటీ తీవ్రతలో మార్పు చాలామటుకు రెండో, మూడో వ్యాపారి రాకతోనే వచ్చేస్తుందని, మూడు నుంచి ఐదుగురు చేరాక ఇంకొకరు వస్తే పెద్దగా తేడా ఉండదని వారికి తేలింది.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఐదు బట్టీలు ఊరికి మంచివేనా? ఐదో బట్టీ రాకముందు నాలుగు కలిసి 96 లక్షల ఇటుక పోసేవి. వచ్చాక మొత్తం 100 లక్షలు. అంటే ఐదోవాడు అమ్మిన 20 లక్షల్లో ఊరికి కొత్తగా దక్కింది 4 లక్షలే, మిగతా 16 లక్షలు పాతవాళ్ల గిరాకీ లాక్కున్నదే. ఆ 4 లక్షల ఇటుక వల్ల కొనేవారికీ అమ్మేవారికీ కలిపి పెరిగిన మేలు విలువ 8 లక్షల 80 వేలు. దానికోసం ఖర్చయింది 30 లక్షలు. ఇలా కూడుకుంటూ వస్తే మూడు బట్టీల దగ్గర ఊరి మొత్తం మేలు అత్యధికం. ఒకే రకం సరుకు ఉన్నచోట స్వేచ్ఛగా ప్రవేశం ఉంటే ఇలా అవసరానికి మించి వ్యాపారాలు చేరతాయని గ్రెగరీ మాన్‌కివ్, మైకేల్ విన్‌స్టన్ 1986లో వివరించారు.

అయితే దీన్ని పట్టుకుని అధికారులు మూడు లైసెన్సులతో ఆపేయాలని నేననను. మూడు బట్టీలప్పుడు ఇటుక 7 రూపాయలు, ఐదప్పుడు 6. ఇల్లు కట్టుకునేవారికి మొత్తం మీద 95 లక్షల మేలు జరిగింది ఐదు ఉండబట్టే. నష్టపోయింది యజమానుల లాభం, 130 లక్షలు. పైగా కూర్నో లెక్క ఎవరికి వారే నిర్ణయించుకుంటారన్న షరతు మీద నిలబడింది. ముగ్గురే ఉంటే ఒకచోట కూర్చుని తలా 20 లక్షలే పోద్దామని మాట కలుపుకోవడం తేలిక. అప్పుడు ఇటుక 10 రూపాయలవుతుంది. కొత్తవాడు ఎప్పుడైనా రావచ్చన్న భయమే ఆ మాట కలవకుండా చూసేది.