రెజ్యూమెలో కత్తెర ఎక్కడ వేయాలి?

2007లో కాల్ సెంటర్‌లో చేరి, 2009 నుంచి విజువల్ బేసిక్ 6లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి, 2012లో ఏడాదిపాటు ట్యూషన్ సెంటర్ నడిపి, 2013 నుంచి జావాలో ఉన్న వ్యక్తిని ఊహించుకోండి. ఆయన రెజ్యూమె నాలుగు పేజీలు. ఏం తీసేయాలి?

కాల్ సెంటర్‌ను నిక్షేపంగా తీసేయొచ్చు. అది అన్నిటికన్నా ముందుది కాబట్టి ఖాళీ కనబడదు. ట్యూషన్ సెంటర్ అలా కాదు, మధ్యలో ఉంది. తీసేస్తే 2012 ఏమైందని అడుగుతారు. దాన్ని వివరాల్లేకుండా ఒక్క వరుసలో, ఏళ్లతో సహా ఉంచాలి. విజువల్ బేసిక్‌ను నైపుణ్యాల జాబితాలోంచి తొలగించి, ఆ ఉద్యోగం కింద 'బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారీ' అంటే చాలు. పాత వ్యవస్థను కొత్తదానికి మార్చే ఉద్యోగమైతే మాత్రం ఆ పేరే అక్కరకొస్తుంది, ఉంచండి.

ఖాళీ కప్పడానికి తేదీలు సాగదీయడం శుద్ధ తెలివితక్కువ. పీఎఫ్ ఖాతాలో చేరిన, మానేసిన తేదీలుంటాయి. రెజ్యూమెలో పాత ఉద్యోగం వదిలేయడం తప్పు కాదు. కానీ ఆఫర్ వచ్చాక ఇచ్చే వెరిఫికేషన్ ఫారం అన్ని ఉద్యోగాలూ అడిగితే, కాల్ సెంటర్‌తో సహా అన్నీ రాయండి.